అగ్రిమెంట్ బాడీలో ఒక అంకె, అనెక్సర్‌లో ఇంకో అంకె: తేడాల రిపోర్ట్ ఎలా తయారు చేసుకోవాలి

ఫ్లాట్ కొంటున్నవాళ్ళు అగ్రిమెంట్ ఆఫ్ సేల్ డ్రాఫ్ట్ పీడీఎఫ్ పంపించి "ఒకసారి చూడవా, అంతా ఓకేనా" అని అడుగుతూనే ఉంటారు, నేను కాంట్రాక్టుల డిపార్ట్‌మెంట్‌లో పని చేస్తానని తెలిసినప్పటి నుంచి చుట్టాల్లో అయితే మరీను. ఓకేనా అంటే ఏం చెప్తాం. కానీ ఒక పని మాత్రం లాయర్ కాకపోయినా మీరే చేసుకోవచ్చు. మెయిన్ బాడీలో ఉన్న అంకెలు, తేదీలు వెనక కుట్టిన షెడ్యూళ్ళు, అనెక్సర్లలో ఉన్నవాటితో కలుస్తున్నాయా లేదా చూసి, కలవనివన్నీ ఒక కాగితం మీద పెట్టి బిల్డర్‌కి పంపడం. దాన్నే డిస్క్రిపెన్సీ రిపోర్ట్ అంటారు. అది ఎలాగో మా బావమరిది అగ్రిమెంట్ మీద చేసినట్టే చెప్తాను. కొల్లూరు వైపు ఫ్లాట్, బిల్డర్ పేరు వద్దులెండి.

అసలు ఈ తేడాలు ఎందుకు వస్తాయంటే, బాడీని లాయర్ రాస్తాడు, పేమెంట్ షెడ్యూల్‌ని అకౌంట్స్ వాళ్ళు ఎక్సెల్‌లో చేస్తారు, ప్లాన్ ఆర్కిటెక్ట్ ఆఫీస్ నుంచి వస్తుంది, ఈ మూడూ కలిపి కుట్టేది సేల్స్‌లో ఉన్న కుర్రాడు. మోసం అనుకుని గొడవకి దిగకండి, చాలావరకు కాపీ పేస్ట్ వ్యవహారమే. కానీ రిజిస్ట్రేషన్ అయిపోయాక కాపీ పేస్ట్ అయినా మన నెత్తి మీదే ఉంటుంది.

కావాల్సినవి

మొత్తం డ్రాఫ్ట్ ఒకే ఫైల్‌గా, అనెక్సర్లు అన్నీ కలిపి. "అనెక్సర్లు రిజిస్ట్రేషన్ రోజు పెడతాం సార్" అంటే అక్కడే ఆగిపోండి, అవి లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. తర్వాత ప్రింట్ ఒకటి, ఒక పెన్సిలు, ఎక్సెల్ గానీ గూగుల్ షీట్ గానీ, ఇంట్లో ఇంకో మనిషి ఒక గంట. మొత్తం మీద ఒక సాయంత్రం పని.

ప్రింట్ ఎందుకంటే, చాలా డ్రాఫ్టుల్లో బాడీ టైప్ చేసినది ఉంటుంది, వెనక షెడ్యూళ్ళు స్కాన్ చేసినవి ఉంటాయి, స్కాన్ పేజీల్లో Ctrl+F కి ఏమీ దొరకదు. దొరకలేదు కాబట్టి లేదు అనుకుంటారు. ఒకవేళ స్క్రీన్ మీదే చూడాలంటే ముందు బాడీలో ఉన్న ఏదో ఒక మాట అనెక్సర్‌లో కూడా వెతికి దొరుకుతుందో లేదో పరీక్ష చేసుకోండి.

1. ముందు ఇవన్నీ మీ ఫ్లాట్‌వేనా చూడండి

అంకెల దాకా వెళ్ళక ముందే ప్రతి అనెక్సర్ హెడ్డింగ్, ఫుటర్ చూడండి. ఫ్లాట్ నంబర్, టవర్, పేరు, డ్రాఫ్ట్ తేదీ. మావాడిది బి-804. మూడో అనెక్సర్, అంటే ఫ్లోర్ ప్లాన్ పేజీ మీద మూలన చిన్న అక్షరాల్లో బి-904 అని ఉంది. ఎనిమిదో ఫ్లోర్, తొమ్మిదో ఫ్లోర్ ఒకేలా ఉంటాయి కదా అనుకున్నాం, ఉండవు, 904 లో బాల్కనీ కొంచెం చిన్నది. తర్వాత దొరికిన ఒక తేడాకి మూలం ఇక్కడే ఉంది.

2. ఏది గెలుస్తుందో చెప్పే క్లాజు వెతకండి

బాడీ చివర్లో, మిసలేనియస్ అనో జనరల్ అనో ఉన్నచోట, "బాడీకి షెడ్యూళ్ళకి మధ్య తేడా వస్తే ఫలానాది చెల్లుతుంది" అన్న వాక్యం ఉండొచ్చు. ఉంటే క్లాజు నంబర్ రాసుకోండి. లేకపోతే లేదని రాసుకోండి, అది కూడా రిపోర్ట్‌లో ఒక లైనే.

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు. మావాడి దాంట్లో బాడీయే చెల్లుతుందని క్లాజు ఉంది, సేల్స్ వాళ్ళు కూడా అదే అన్నారు, "బాడీ ఫైనల్ సార్, అనెక్సర్ గురించి టెన్షన్ పడకండి" అని. కానీ రేపు డిమాండ్ లెటర్ ఎక్కడి నుంచి వస్తుంది? పేమెంట్ షెడ్యూల్ నుంచి. బ్యాంకు లోన్ విడతలు దేన్ని చూసి వదులుతుంది? అదే షెడ్యూల్ చూసి. కాగితం మీద గెలిచేది బాడీ, రోజూ చేతిలో పట్టుకుని పని చేసేది అనెక్సర్. అందుకే ఆ క్లాజు ఉంది కదా అని తేడాని వదిలేయొద్దు.

3. బాడీ ఒక్కటే చదివి పట్టిక రాయండి

అనెక్సర్లు పక్కన పెట్టేసి, బాడీలో ఎక్కడ అంకె కనిపించినా, తేదీ కనిపించినా, ఇన్ని రోజులు ఇన్ని నెలలు అని కనిపించినా పెన్సిల్‌తో చిన్న టిక్ పెట్టి షీట్‌లో ఒక లైన్ రాయండి. విషయం, క్లాజు నంబర్, పేజీ, ఉన్నది ఉన్నట్టు మాటలు. ఉన్నది ఉన్నట్టే అన్నది ముఖ్యం, మీ మాటల్లోకి మార్చొద్దు. "హ్యాండోవర్ మార్చి 2027" అని మీరు కుదించి రాస్తే ఆ పక్కనే ఉన్న "ప్లస్ ఆరు నెలల గ్రేస్" ఎగిరిపోతుంది.

రూపాయల్లో అంకెలతో ఒకటి, అక్షరాల్లో ఒకటి ఉంటే రెండూ రాయండి. చెక్కు విషయంలో అయితే అక్షరాల్లో ఉన్న మొత్తమే చెల్లుతుందని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 18 చెప్తుంది, అది చూసి అగ్రిమెంట్‌లో కూడా అంతేలే అని మీకు మీరు తీర్పు చెప్పేసుకోకండి, తేడా ఉంటే రాయండి అంతే.

4. అనెక్సర్లకి వేరే పట్టిక, మొదటిది చూడకుండా

ఇది మాత్రం నిజంగా చూడకుండా చేయాలి. 1,685 అని బాడీలో చదివిన కన్ను అనెక్సర్‌లో 1,665 ని కూడా 1,685 అనే చదువుతుంది, నాకే రెండుసార్లు జరిగింది. కుదిరితే మర్నాడు చేయండి, లేదా ఈ రెండో పట్టిక ఇంట్లో ఇంకొకరితో రాయించండి. కింద చుక్క గుర్తు పెట్టి చిన్న అక్షరాల్లో రాసిన నోట్లు వదలొద్దు, అసలు సరుకంతా అక్కడే ఉంటుంది.

5. కలిపే ముందు కొలతలు ఒకటి చేయండి

బాడీలో కార్పెట్ ఏరియా, అంటే ఫ్లాట్ బయటి గోడల లోపల వాడుకునే జాగా, 1,128 ఎస్ఎఫ్‌టీ, ప్లాన్‌లో 104.80 చదరపు మీటర్లు. తేడానా? కాదు. చదరపు మీటరుకి 10.764 చదరపు అడుగులు, గుణిస్తే 1,128 వస్తుంది. గజాలయితే 9 తో. తేదీల్లో "ఒప్పందం తేదీ నుంచి 36 నెలలు" లాంటిది ఉంటే దాన్ని అసలు తేదీగా మార్చుకోండి, వేళ్ళ మీద లెక్కపెట్టొద్దు.

```
=ROUND(B2*10.764,0)
=EDATE(B3,36)
=SUM(C5:C12)
```

మొదటిది మీటర్లని అడుగులు చేస్తుంది, రెండోది B3 లో ఉన్న తేదీకి 36 నెలలు కలుపుతుంది, మూడోది విడతల మొత్తం. రెండో దానికి 46552 లాంటి వింత నంబర్ వస్తే కంగారు పడకండి, ఆ సెల్‌ని డేట్ ఫార్మాట్‌కి మారిస్తే 14-06-2027 అని చూపిస్తుంది. ఇంకోటి, 04/06/2024 అని ఉంటే జూన్ 4 అనుకుని టైప్ చేస్తాం, షీట్ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంటే దాన్ని ఏప్రిల్ 6 గా తీసుకుంటుంది, అప్పుడు లేని తేడా పుడుతుంది. నెల పేరు అక్షరాల్లో కనిపించే ఫార్మాట్ పెట్టుకుంటే ఈ గోల ఉండదు.

6. లెక్కలు మీరే మళ్ళీ కట్టండి

టోటల్ అని రాసి ఉన్నదాన్ని నమ్మొద్దు. మావాడి బాడీలో ఇలా ఉంది: ధర కట్టే మొత్తం విస్తీర్ణం 1,685 ఎస్ఎఫ్‌టీ, రేటు 6,200, అంటే 1,04,47,000. కార్ పార్కింగ్ 4,00,000, ఎమినిటీస్ 5,00,000. మొత్తం 1,13,47,000. లెక్క సరిగ్గానే ఉంది, అక్షరాల్లో కూడా అదే.

మొదటి అనెక్సర్, అంటే పేమెంట్ షెడ్యూల్, అందులో ఎనిమిది విడతలు: 10, 20, 15, 15, 15, 10, 10, 5 శాతం. కూడితే నూరు, మావాడు అక్కడితో ఓకే అనేశాడు. శాతాలు కాదు, పక్కనున్న రూపాయలు కూడమన్నాను. 11,49,700 తో మొదలై 5,74,850 తో ముగిసే ఆ కాలమ్ కూడితే 1,14,97,000 వచ్చింది. లక్షా యాభై వేలు ఎక్కువ. ఎక్కడిదీ అని చూస్తే షెడ్యూల్ పైన ధర వివరాల్లో ఎమినిటీస్ 6,50,000 అని ఉంది. పాత రేటో కొత్త రేటో మనకి తెలీదు, మనం తేల్చక్కర్లేదు కూడా.

దీనికి ఇంకో తోక ఉంది. ఇళ్ళు కొనేవాళ్ళ రక్షణకి వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం, అంటే రెరా చట్టం 2016 లో సెక్షన్ 13 ప్రకారం అగ్రిమెంట్ రిజిస్టర్ అవ్వకముందు ఫ్లాట్ ఖరీదులో 10 శాతం దాటి తీసుకోకూడదు. బాడీ ధర మీద 10 శాతం అంటే 11,34,700. షెడ్యూల్ అడిగిన బుకింగ్ విడత దానికంటే 15,000 ఎక్కువ. చిన్న మొత్తమే, కానీ ఇలాంటి లైన్ రిపోర్ట్‌లో ఉంటే అవతలివాళ్ళు మిగతా లైన్లు కూడా శ్రద్ధగా చదువుతారు.

7. ఇప్పుడు రెండు పట్టికలు పక్కపక్కన పెట్టండి

బాడీ నుంచి అనెక్సర్‌కి ఒకసారి, అనెక్సర్ నుంచి బాడీకి ఇంకోసారి. ఒకవైపే చేస్తే అనెక్సర్‌లో మాత్రమే ఉన్న షరతులు ఎప్పటికీ బయటపడవు. ఒకచోట ఉండి ఇంకోచోట అసలు లేనివాటిని తేడాలతో కలపకండి, కింద "ఒకచోటే ఉన్నవి" అని వేరే పెట్టండి. ఒకచోట లేకపోవడం వేరు, రెండు చోట్లా వేరువేరుగా ఉండటం వేరు.

మావాడికి చివరికి మిగిలినవి ఇవీ.

విస్తీర్ణం: బాడీలో 1,685, ప్లాన్ పేజీలో 1,665. ఇరవై అడుగులు, 6,200 చొప్పున 1,24,000 రూపాయలు. పక్కన "అనెక్సర్ మీద బి-904 అని ఉంది" అని కూడా రాశాం.

మొత్తం ధర: పైన చెప్పిన లక్షా యాభై వేలు.

యూడీఎస్, అంటే స్థలంలో మన వాటా: బాడీలో 52 గజాలు, షెడ్యూల్ బి లో 48 గజాలు.

జీఎస్టీ: ఇది అంకెల తేడా కాదు, మాటల తేడా. బాడీలో "అన్ని పన్నులతో కలిపి మొత్తం ధర" అని ఉంది, షెడ్యూల్ కింద నోట్‌లో "జీఎస్టీ అదనం" అని ఉంది. కడుతున్న ఫ్లాట్‌కి, ఖరీదు 45 లక్షలు దాటితే 5 శాతం, అంటే 1,13,47,000 మీద 5,67,350. లిస్ట్‌లో అన్నిటికంటే పెద్ద మొత్తం ఇదే, కానీ అంకె కోసం మాత్రమే వెతికేవాళ్ళకి ఇది దొరకదు. అందుకే "కలిపి", "అదనంగా", "మినహా" లాంటి మాటలకి కూడా టిక్ పెట్టండి.

ఆలస్యానికి వడ్డీ: బాడీలో ఎస్‌బీఐ అత్యధిక ఎంసీఎల్ఆర్, అంటే బ్యాంకు లోన్లకి పెట్టుకునే కనీస వడ్డీ రేటు, ప్లస్ 2 శాతం, షెడ్యూల్ నోట్‌లో మనం విడత లేటు చేస్తే 18 శాతం. రెరా చట్టంలో బిల్డర్ మన దగ్గర తీసుకునే వడ్డీ, మనకి ఇచ్చే వడ్డీ ఒకే రేటు ఉండాలి, ఆ లైన్ కూడా పక్కన రాశాం.

హ్యాండోవర్: ఇది కొంచెం నిదానంగా చూడాలి. బాడీలో 31-03-2027, ప్లస్ ఆరు నెలల గ్రేస్, అంటే 30-09-2027. షెడ్యూల్ నోట్‌లో ఒప్పందం తేదీ నుంచి 36 నెలలు, ఒప్పందం 14-06-2024 కాబట్టి 14-06-2027, గ్రేస్ మాట లేదు. వెనక జత చేసిన రెరా సర్టిఫికెట్ కాపీలో ప్రాజెక్ట్ పూర్తయ్యే తేదీ 31-12-2027. ఇలా మూడు చోట్ల మూడు ఉంటే రెండు లైన్లుగా విడగొట్టకండి, ఒకే లైన్‌లో మూడూ పెట్టండి, లేకపోతే ఒకటి సరిచేసి రెండోది వదిలేస్తారు. సర్టిఫికెట్‌లో తేదీ పాతదేమో అనిపిస్తే rera.telangana.gov.in లో ప్రాజెక్ట్ పేజీ తెరిచి సరిచూసుకోండి, పొడిగింపు తీసుకుని ఉంటే తేదీ మారుతుంది. ఏపీ వాళ్ళకి వేరే సైట్ ఉంది.

8. రిపోర్ట్ రాయడం

ఒక పేజీ, మించితే రెండు. కాలమ్స్ ఇవి చాలు: వరుస నంబర్, విషయం, బాడీలో ఏముంది క్లాజు పేజీతో సహా, అనెక్సర్‌లో ఏముంది పేజీతో సహా, తేడా ఎంత, మనం అడుగుతున్నది. పైన ఏ డ్రాఫ్ట్, ఏ తేదీన వచ్చిన ఫైల్, ఎన్ని పేజీలు అన్నది తప్పకుండా రాయండి, లేకపోతే "మీరు చూసింది పాత డ్రాఫ్ట్ సార్" అంటారు.

వరుస డబ్బుని బట్టి పెట్టండి, పేజీ నంబర్ని బట్టి కాదు. స్పెల్లింగ్ తప్పులు, కామాలు ఇందులో కలపొద్దు, నలభై లైన్ల లిస్ట్ పంపితే మొదటి ఐదూ చదివి మిగతాది చూశామని చెప్తారు.

"మనం అడుగుతున్నది" కాలమ్‌లో చాలామంది "1,665 తప్పు, 1,685 చేయండి" అని రాసేస్తారు. అలా రాయకండి. ఏది సరైనదో మీకు తెలీదు. "ఏది సరైనదో శాంక్షన్డ్ ప్లాన్ కాపీతో సహా చెప్పి రెండు చోట్లా ఒకే అంకె పెట్టండి" అని రాయండి. మావాడు యూడీఎస్ లైన్‌లో 52 గజాలే కరెక్ట్ అని రాయబోతే ఆపాను, తర్వాత లెక్కల కాగితాలు తెప్పిస్తే 48 యే కరెక్ట్ అని తేలింది, బాడీలో ఉన్నదే తప్పు. బాడీ చెల్లుతుందన్న క్లాజు పట్టుకుని 52 అడగొచ్చు కదా అన్నాడు. లేని స్థలం నాలుగు గజాలు కాగితం మీద రాయించుకుని ఏం చేస్తావురా అన్నాను.

9. పంపే ముందు సరిచూసుకోవడం

పెన్సిల్ టిక్కులు పేజీ పేజీకి లెక్కపెట్టండి, షీట్‌లో లైన్లతో సరిపోవాలి. 12వ పేజీలో ఏడు టిక్కులుండి షీట్‌లో ఆరు లైన్లే ఉంటే ఒకటి జారిపోయింది. తర్వాత ఇంట్లో ఒకరు రిపోర్ట్ పైకి చదవాలి, ఇంకొకరు అసలు కాగితం మీద వేలు పెట్టి చూడాలి, చదివేవాళ్ళు 1,685 ని "పదహారు వందల ఎనభై ఐదు" అని కాకుండా ఒకటి, ఆరు, ఎనిమిది, ఐదు అని విడివిడిగా చదివితే తప్పు దొరుకుతుంది. చివరగా ఏ తేడా లేదని వదిలేసిన లైన్లలోంచి ఒక ఐదు తీసి మళ్ళీ చూడండి. అందులో ఒక్కటి తప్పు దొరికినా మొత్తం కలిపే పని మళ్ళీ చేయాల్సిందే, బద్ధకించకండి.

10. జవాబు వచ్చాక

మెయిల్‌లోనే పంపండి, మెయిల్‌లోనే జవాబు అడగండి. ఫోన్ చేసి "అది టైపింగ్ మిస్టేక్ సార్, మీకు తెలుసు మాకు తెలుసు" అంటే, మంచిది, అదే మెయిల్‌లో పెట్టి పేజీ మార్చి పంపండి అనండి. రిజిస్ట్రేషన్ కాకముందు అయితే పేజీలు మార్చి ప్రింట్ తీయడమే పని. ఇప్పటికే రిజిస్టర్ అయిపోయి ఉంటే రిపోర్ట్ ఇలాగే చేసి, ఇద్దరూ సంతకాలు పెట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సవరణ దస్తావేజు చేయించుకోవాలి, దాని మాటలు మాత్రం లాయర్‌తో రాయించుకోండి. మెయిల్‌లో ఒప్పుకున్నారు కదా అని వదిలేస్తే బ్యాంకు చూసేది మెయిల్ కాదు, రిజిస్టరైన కాగితం.

సరిచేసిన డ్రాఫ్ట్ వచ్చాక మార్చిన పేజీలే చూస్తే సరిపోదు. మావాడికి తొమ్మిది రోజుల తర్వాత వచ్చిన కొత్త డ్రాఫ్ట్‌లో షెడ్యూల్ టోటల్ శుభ్రంగా 1,13,47,000 అని ఉంది, ప్లాన్ కూడా 804 ది పెట్టారు, మావాడు సంతకానికి రెడీ. ఆ ఎనిమిది విడతలు మళ్ళీ కూడమన్నాను. మొదటి ఏడు మార్చారు, ఎనిమిదోది, హ్యాండోవర్ అప్పుడు కట్టేది, పాత 5,74,850 అలాగే ఉంది. ఉండాల్సింది 5,67,350. ఏడున్నర వేలు. మళ్ళీ రిపోర్ట్, ఈసారి ఒకే లైన్.